పైలట్ చేయాలా, నేరుగా విడుదల చేయాలా? డెసిషన్ ట్రీ గీసి తేల్చుకునే పద్ధతి

ఒక పెద్ద కాగితాన్ని అడ్డంగా పరచుకోండి. డెసిషన్ ట్రీ అంటే మన ముందున్న దారులను, వాటి పర్యవసానాలను కొమ్మలుగా గీసిన చెట్టు. ఈ చెట్టు కింది నుంచి పైకి కాదు, ఎడమ నుంచి కుడికి పెరుగుతుంది. మూడో వరుస కొమ్మలు వచ్చేసరికి చిన్న కాగితంలో చోటు చాలదు. పెన్ను కంటే పెన్సిలే మేలు, ఎందుకంటే సంభావ్యతలను కనీసం ఒకసారైనా చెరిపి రాయాల్సి వస్తుంది.

ఒక ఉదాహరణను మొదటి నుంచి చివరిదాకా చేసి చూద్దాం. ఇంట్లో నీటి గొట్టం ఎక్కడైనా కారితే పసిగట్టి ఫోనుకు సందేశం పంపే చిన్న పరికరాన్ని ఒక సంస్థ తయారు చేసిందనుకుందాం. నమూనా పనిచేస్తోంది. ఇప్పుడు ఆ సంస్థ ముందు మూడు దారులున్నాయి. నేరుగా పెద్ద ఎత్తున విడుదల చేయవచ్చు, ముందు కొన్ని ఇళ్లలో పైలట్ చేసి చూడవచ్చు, లేదా ఆలోచనను ఇక్కడితో ఆపేయవచ్చు. ఈ మూడోదాన్ని చాలామంది గీయరు. తప్పక గీయండి. దాని విలువ సున్నా అయినా, మిగతా రెండు దారులూ ఆ సున్నాను దాటాలి కదా.

ముందుగా మాటలకు హద్దులు గీయండి

"గిరాకీ బాగుంటే", "పైలట్ బాగా జరిగితే" అన్న మాటలతో చెట్టు నిలబడదు. బాగుండటమంటే ఎంత? మన ఉదాహరణలో మొదటి రెండేళ్లలో 20,000 పరికరాలు అమ్ముడైతే మంచి గిరాకీ, అంతకంటే తగ్గితే మందకొడి గిరాకీ అని రాసుకుందాం. పైలట్‌కు కూడా ఇలాంటి గీత కావాలి. 300 ఇళ్లలో పరికరాన్ని ఉచితంగా అమరుస్తాం. మూడు నెలల తర్వాత కనీసం 120 ఇళ్లవాళ్లు పూర్తి ధర చెల్లించి దాన్ని ఉంచుకుంటే ఫలితం అనుకూలం, లేకపోతే ప్రతికూలం.

ఇక్కడ కొలిచేది డబ్బు చెల్లించిన ఇళ్లను మాత్రమే. "మీకు నచ్చిందా?" అని అడిగితే ఉచితంగా అందుకున్నవాళ్లలో ఎక్కువమంది మర్యాదకైనా నచ్చిందనే అంటారు. అలాంటి జవాబు మీద కట్టిన పైలట్‌తో మనకేమీ తెలియదు. ఎందుకో లెక్కలోనే కాసేపట్లో కనిపిస్తుంది.

చదరాలు, వృత్తాలు

మనం ఎంచుకునే చోట చదరం గీయాలి. మన చేతిలో లేనిది తేలే చోట వృత్తం గీయాలి. ఎడమ అంచున ఒక చదరం గీసి, దాని నుంచి మూడు కొమ్మలు లాగండి: ఆపేయడం, నేరుగా విడుదల, పైలట్. నేరుగా విడుదల కొమ్మ చివర ఒక వృత్తం వస్తుంది. దాని నుంచి మంచి గిరాకీ, మందకొడి గిరాకీ అని రెండు కొమ్మలు చీలతాయి. పైలట్ కొమ్మ చివర కూడా వృత్తమే. దాని నుంచి అనుకూలం, ప్రతికూలం అని రెండు కొమ్మలు వస్తాయి. ఆ రెండింటి చివరా మళ్లీ చదరాలు గీయాలి, ఎందుకంటే ఫలితం తెలిశాక విడుదల చేయాలో ఆపాలో నిర్ణయించేది మనమే.

పైలట్ తర్వాత వచ్చే ఈ రెండు చదరాలే చెట్టుకు ప్రాణం. వీటిని మరిచిపోయి, పైలట్ కాగానే గిరాకీ వృత్తాన్ని తగిలించిన చెట్లు నేను చాలా చూశాను. అలా గీస్తే పైలట్ కేవలం అదనపు ఖర్చులా కనిపిస్తుంది. ప్రతికూల ఫలితం వచ్చినప్పుడు వెనక్కి తగ్గే వీలు ఇవ్వడమే పైలట్ చేసే మేలు. ఆ వీలు ఉండేది ఈ చదరాల్లోనే.

డబ్బు రాయడం

ప్రతి కొమ్మ చివర నికర లాభం లేదా నష్టం రాయండి. మన లెక్క లక్షల్లో ఉంది. విడుదల ఖర్చులన్నీ పోగా మంచి గిరాకీ ఉంటే +300, మందకొడిగా ఉంటే −180. ఆపేస్తే 0. నమూనా తయారీకి ఇప్పటిదాకా పెట్టిన ఖర్చును ఎక్కడా రాయకండి. ఏ దారిలో వెళ్లినా అది తిరిగి రాదు కాబట్టి దారుల మధ్య తేడాను అది మార్చదు.

పైలట్ ఖర్చు 20. దాన్ని పైలట్ కొమ్మ మీదే రాసి, చివర్లో ఒకేసారి తీసివేద్దాం. కొందరు దాన్ని కొమ్మ మీద రాసి, చివరి అంకెల్లో కూడా తగ్గిస్తారు. అలా ఖర్చు రెండుసార్లు పడుతుంది. ఒకచోటే రాసి, ఎక్కడ రాశారో కాగితం మూలన గుర్తు పెట్టుకోండి.

సంభావ్యతలు అడిగి రాబట్టడం

ఈ చెట్టుకు మూడు అంకెలు కావాలి. మొదటిది, పైలట్ గురించి ఆలోచించకముందు మంచి గిరాకీకి ఉన్న అవకాశం. సంస్థ గతంలో విడుదల చేసిన ఇలాంటి ఇంటి పరికరాల్లో ఎన్ని పెట్టుకున్న లక్ష్యాన్ని దాటాయో చూడండి. పదింటిలో నాలుగు దాటి ఉంటే 0.40తో మొదలుపెట్టండి. తయారు చేసినవాళ్లు తమ పరికరం మిగతావాటిలాంటిది కాదంటారు. దానికి కారణం చూపగలిగితే అంకెను కొంచెం జరపవచ్చు. అయితే మొదలుపెట్టాల్సింది గత రికార్డు నుంచే. నలుగురి అంచనాలు తీసుకుంటే, చర్చకు ముందే ఎవరికి వారు విడిగా కాగితం మీద రాసి ఇవ్వమనండి. ఒకసారి పెద్దాయన నోటి నుంచి అంకె వచ్చాక మిగతావాళ్ల అంకెలు దాని చుట్టూనే తిరుగుతాయి.

మిగతా రెండు అంకెలు పైలట్ నమ్మకానికి సంబంధించినవి. ఇలా అడగండి: గిరాకీ నిజంగా మంచిదైతే, మన పైలట్ 120 ఇళ్ల గీతను దాటే అవకాశం ఎంత? తర్వాత విడిగా ఇంకో ప్రశ్న: గిరాకీ నిజానికి మందకొడిదైనా, పైలట్ ఆ గీతను దాటేసే అవకాశం ఎంత? మన సంస్థ జవాబులు 0.80, 0.30 అనుకుందాం.

ఈ రెండూ కలిసి 1 కావాలని చాలామంది పొరబడతారు. కానక్కరలేదు. మొదటిది గిరాకీ ఉన్న ప్రపంచానిది, రెండోది గిరాకీ లేని ప్రపంచానిది. రెండో అంకె సున్నా కాకపోవడానికి కారణాలు పైలట్‌లోనే ఉంటాయి. పైలట్‌కు ముందుకొచ్చే ఇళ్లవాళ్లకు సహజంగానే కొత్త పరికరాల మీద ఆసక్తి ఎక్కువ. పైగా ఇంజనీరే స్వయంగా వచ్చి అమర్చి, వారానికోసారి ఫోను చేసి కనుక్కుంటాడు. మార్కెట్లో కొన్నవాళ్లకు ఆ సేవ అందదు. "నచ్చిందా?" అన్న ప్రశ్న మీద కట్టిన పైలట్ సంగతి ఇప్పుడు చూడండి. గిరాకీ ఉన్నా లేకపోయినా అందులో అనుకూలం వచ్చే అవకాశం దాదాపు సమానం, 0.80, 0.80 అనుకోండి. అప్పుడు పైలట్‌కు ముందున్న 40 శాతం, పైలట్ తర్వాత కూడా 40 శాతంగానే ఉంటుంది. 20 లక్షలు ఖర్చయ్యాయి, తెలిసింది ఏమీ లేదు.

అంకెను తిరగేయడం: ఎక్కువమంది తప్పేది ఇక్కడే

ఒకసారి ఒక సమావేశంలో గోడ మీద గీసిన చెట్టు ముందు కూర్చున్నాను. పైలట్ అనుకూలం అన్న కొమ్మ తర్వాత మంచి గిరాకీ పక్కన 80 శాతం అని రాసి ఉంది. గదిలో ఎవరికీ అందులో తప్పు కనిపించలేదు, మొదట నాకు కూడా. కానీ ఆ 80 వేరే ప్రశ్నకు జవాబు. గిరాకీ ఉంటే పైలట్ బాగా వచ్చే అవకాశం అది. ఆ కొమ్మ మీద ఉండాల్సింది, పైలట్ బాగా వచ్చిందని తెలిశాక గిరాకీ ఉండే అవకాశం. చదివేటప్పుడు ఒకేలా వినిపించే ఈ రెండు ప్రశ్నల జవాబుల మధ్య చాలా దూరం ఉండవచ్చు.

తిరగేయడానికి సూత్రం గుర్తుండక్కరలేదు. ఇలాంటి ఉత్పత్తులు వంద ఉన్నాయని ఊహించుకుని లెక్కపెట్టండి. వందలో 40కి మంచి గిరాకీ, 60కి మందకొడి గిరాకీ. ఆ 40లో పైలట్ అనుకూలంగా వచ్చేవి 80 శాతం, అంటే 32. మిగతా 8కి ప్రతికూలం వస్తుంది. మందకొడి 60లో 30 శాతం, అంటే 18కి పైలట్ పొరపాటున అనుకూలమని చెబుతుంది. మిగతా 42కి ప్రతికూలం.

ఇప్పుడు పైలట్ అనుకూలంగా వచ్చినవన్నీ ఒకచోట చేర్చండి. 32, 18 కలిపి 50. వాటిలో నిజంగా గిరాకీ ఉన్నవి 32. అంటే 64 శాతమే, 80 కాదు. ప్రతికూలం వచ్చినవి 8, 42 కలిపి మరో 50. వాటిలో గిరాకీ ఉన్నవి 8, అంటే 16 శాతం. థామస్ బేయెస్ మరణించాక 1763లో అచ్చయిన వ్యాసంతో మొదలైన సిద్ధాంతం చెప్పేది ఇదే. వంద వస్తువులను లెక్కపెట్టగలిగితే మన పనికి చాలు.

ఇప్పుడు చెట్టు పూర్తయింది:

```
□ ఇప్పుడు ఏం చేయాలి?
├─ ఆపేయడం: 0
├─ నేరుగా విడుదల ○
│   ├─ మంచి గిరాకీ 0.40: +300
│   └─ మందకొడి 0.60: −180
└─ పైలట్ (ఖర్చు 20) ○
    ├─ అనుకూలం 0.50 □
    │   ├─ ఆపేయడం: 0
    │   └─ విడుదల ○
    │       ├─ మంచి గిరాకీ 0.64: +300
    │       └─ మందకొడి 0.36: −180
    └─ ప్రతికూలం 0.50 □
        ├─ ఆపేయడం: 0
        └─ విడుదల ○
            ├─ మంచి గిరాకీ 0.16: +300
            └─ మందకొడి 0.84: −180
```

కుడి నుంచి ఎడమకు మడవడం

గీసింది ఎడమ నుంచి కుడికి, లెక్క కట్టేది కుడి నుంచి ఎడమకు. వృత్తం ఎదురైతే ప్రతి కొమ్మ డబ్బునూ దాని సంభావ్యతతో గుణించి కూడండి. వచ్చే సగటును గణితంలో ఆశించిన విలువ అంటారు. చదరం ఎదురైతే సగటు తీయకండి. ఎక్కువ విలువ ఉన్న కొమ్మను ఉంచి, మిగతావాటి మీద రెండు అడ్డగీతలు కొట్టేయండి.

```
నేరుగా విడుదల:        0.40×300 − 0.60×180 = 12
అనుకూలం → విడుదల:   0.64×300 − 0.36×180 = 127.2
ప్రతికూలం → విడుదల:  0.16×300 − 0.84×180 = −103.2
పైలట్:                0.50×127.2 + 0.50×0 − 20 = 43.6
```

ప్రతికూలం వచ్చిన చదరం దగ్గర విడుదలకు −103.2, ఆపేయడానికి 0. కాబట్టి విడుదల కొమ్మను కొట్టేసి 0ను ముందుకు తీసుకెళ్లాం. మొదటి చదరానికి వచ్చేసరికి ఆపేయడం 0, నేరుగా విడుదల 12, పైలట్ 43.6. ఈ అంకెలతో పైలట్ చేయడమే మేలు.

లెక్క సరిచూసుకోవడానికి ఒక చక్కని మార్గముంది. పైలట్ ఫలితం ఏదైనా సరే విడుదల చేసేస్తామని అనుకుని, 127.2, −103.2 రెండింటి సగటు తీయండి. 12 వస్తుంది. నేరుగా విడుదల చేసినప్పటి అంకె ఇదే. ఇలా సరిపోకపోతే అంకెలను తిరగేయడంలో ఎక్కడో పొరపాటు జరిగినట్టే.

ఈ సరిచూపు ఇంకో విషయం కూడా బయటపెడుతుంది. మీ సంస్థలో పైలట్ ప్రతికూలంగా వచ్చినా విడుదల ఆగదని మీకు లోలోపల తెలిసి ఉంటే, పైలట్ విలువ 12లోంచి 20 పోగా −8. అచ్చులు పోయించి, విడుదల తేదీ ప్రకటించి, ఆ తర్వాత చేసే పైలట్లు ఇలాంటివే. కాబట్టి ప్రతికూలం కొమ్మ చివర ఆపేయడం అని రాసేముందు, ఆ మాట మీద నిలబడాల్సిన వ్యక్తిని పిలిచి ఆ కొమ్మను చూపించి అడగండి.

ఆలస్యానికి కూడా ధర ఉంది

ఇప్పటిదాకా పైలట్ చేసినా చేయకపోయినా మంచి గిరాకీ విలువ 300 అనే రాశాం. అది పైలట్‌పై పక్షపాతమే. అమర్చడానికి, మూడు నెలలు చూడటానికి, ఫలితాలు తేల్చడానికి కలిపి ఆరు నెలలు పడుతుంది. ఈలోగా ఇంకొకరు ఇలాంటి పరికరంతో ముందుకు రావచ్చు. ఆ నష్టాన్ని లెక్కలోకి తీసుకుని, పైలట్ తర్వాత వచ్చే మంచి గిరాకీ కొమ్మల్లో 300ను 240కి తగ్గించండి. అనుకూలం వచ్చాక విడుదల విలువ 88.8 అవుతుంది. అందులో సగం 44.4, దాన్నుంచి 20 తీసేస్తే 24.4. ఇంకా 12 కంటే ఎక్కువే. అయితే ఆలస్యం వల్ల మంచి గిరాకీ విలువ సుమారు 201 కంటే కిందికి పడిపోతే పైలట్ కంటే నేరుగా విడుదలే మేలవుతుంది. "ఆరు నెలల ఆలస్యంతో లాభంలో మూడో వంతు పోతుందా?" అన్నది మార్కెట్ తెలిసినవాళ్లు జవాబు చెప్పగల ప్రశ్న.

40 శాతం తప్పయితే?

మొదటి అంకె మీద వాదన ఎప్పుడూ తెగదు. తెంచాల్సిన అవసరం కూడా లేదు. అంకె ఏ హద్దు దాటితే నిర్ణయం మారుతుందో వెతకండి. ఆలస్యాన్ని కూడా కలిపిన చెట్టులో 0.40 బదులు 0.25, 0.30, 0.35 ఇలా ఒక్కోటీ పెట్టి మళ్లీ మడవండి. స్ప్రెడ్‌షీట్‌లో పెడితే నిమిషాల పని. ప్రతిసారీ ఆ వంద ఉత్పత్తుల లెక్క మళ్లీ చేయాలని మాత్రం మరవకండి. మొదటి అంకె మారితే 0.50, 0.64, 0.16 కూడా మారతాయి. మొదటిదాన్ని మార్చి వీటిని పాతవే ఉంచేయడం స్ప్రెడ్‌షీట్లలో తరచూ కనిపించే తప్పు.

చేసి చూస్తే మన చెట్టులో మంచి గిరాకీ అవకాశం సుమారు 30 శాతం కంటే తక్కువైతే ఆపేయడం మేలు, సుమారు 45 శాతం దాటితే నేరుగా విడుదల మేలు, మధ్యలో పైలట్ మేలు. ఆలస్యాన్ని లెక్కించకముందు ఈ మధ్య భాగం 25 నుంచి 57 దాకా ఉండేది. ఆలస్యం దాన్ని సగానికి పైగా కుదించింది. ఇప్పుడు సమావేశంలో అడగాల్సింది "కచ్చితంగా ఎంత శాతం?" అని కాదు. "45 కంటే ఎక్కువని ఎవరైనా అనుకుంటున్నారా, దేన్ని బట్టి?" అని. ఈ ప్రశ్నకు మనుషులు చాలా నిజాయితీగా జవాబిస్తారని నా అనుభవం.

సగటు చెప్పనిది

24.4 లక్షలు అన్న ఫలితం ఎప్పటికీ రాదు. అది సగటు మాత్రమే. నిజంగా జరగగలవి ఏమిటో కొమ్మల వెంట నడిచి విడిగా రాసుకోండి. పైలట్ దారిలో 50 శాతం అవకాశంతో 20 నష్టపోయి ఆపేస్తాం. 32 శాతం అవకాశంతో 220 లాభపడతాం. 18 శాతం అవకాశంతో 200 నష్టపోతాం. నేరుగా విడుదల దారిలో 40 శాతం అవకాశంతో 300 లాభం, 60 శాతం అవకాశంతో 180 నష్టం. పెద్ద నష్టపు అవకాశం 60 నుంచి 18కి తగ్గింది, కానీ ఆ నష్టం వచ్చినప్పుడు ఇంకాస్త లోతుగా ఉంటుంది. 200 పోతే సంస్థ మూతపడే పరిస్థితి ఉంటే, సగటును మాత్రమే చూసి నిర్ణయించడం సరికాదు. ఏటా ఇలాంటి ఉత్పత్తులు ఎన్నో తెచ్చే పెద్ద సంస్థకు సగటు చాలావరకు నమ్మదగిన కొలమానం. ఉన్నదంతా ఒక్కదాని మీద పెడుతున్నవాళ్లకు ఆ 18 శాతం కొమ్మే ముఖ్యం.

చివరగా, పైలట్ మొదలయ్యేలోపు 120 ఇళ్ల గీతను మరోసారి చూడండి. ఫలితం 114గా వచ్చిందనుకోండి. ఈ చెట్టు ప్రకారం అది ప్రతికూలమే, 40 ఇళ్లు వచ్చినా ప్రతికూలమే. ఆ రెండూ మీకు ఒకటి కావని ఇప్పుడే అనిపిస్తే, ఇప్పుడే మూడు కొమ్మలు గీయండి: 140 దాటితే అనుకూలం, 90 కంటే తక్కువైతే ప్రతికూలం, మధ్యలో సందిగ్ధం. ఆ మూడింటికీ వేర్వేరుగా సంభావ్యతలు అడిగి, వందను మూడు గుంపులుగా పంచి, మళ్లీ మడవండి. సందిగ్ధం కొమ్మ చివర ఉన్న చదరం దగ్గర ఏం చేస్తారో తేదీ వేసి కాగితం మీద రాసి పెట్టండి.